పసుప్పచ్చ గొట్టం మీద కామెంటు

శివరామ్‌కి తెలిసిన విద్య ఒక్కటే, చలి పుట్టించడం. పద్దెనిమిదో ఏట రాయపురంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో చేరి, ఇరవై ఎనిమిదేళ్ళు అమోనియా వాసన పీల్చి, కంప్రెసర్ ఎట్లా దగ్గుతోందో బయట నిలబడి విని దాని రోగం చెప్పే స్థాయికి వచ్చాడు. అట్లాంటి మనిషి చివరికి పనిచేసిన కోల్డ్ స్టోరేజీని కిందటేడు ఓనరు మూసేశాడు, ఆ జాగాలో అపార్ట్‌మెంట్లు కడతాడట. నలభై ఆరేళ్ళప్పుడు కొత్తగా ఉద్యోగం ఎవరిస్తారు? సరే, సొంతంగానే చేసుకుందాం, ఫ్యాక్టరీల అమోనియా ప్లాంట్లు తనిఖీ చేసి బాగోగులు చూసే కాంట్రాక్టులు పట్టుకుందాం అనుకున్నాడు. కార్డులు అచ్చేయించి, ఫ్యాక్టరీలు వరసగా ఉండే ఎన్నూరు దారి పొడుగునా తిరిగాడు. గేటు దగ్గర వాచ్‌మెన్లు ఆ కార్డులు జేబులో వేసుకున్నారు, అంతే సంగతులు.

అప్పుడు రంగంలోకి దిగింది మేనకోడలు ప్రణతి. షోళింగనల్లూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మార్కెటింగ్ చేస్తుంది. మామ లింక్డిన్‌లో వినాయకుడి బొమ్మ పెట్టి, కింద తన పనిమంతనం గురించి ఒక పేజీ రాసుకోవడం చూసి తల పట్టుకుంది.

"మామా, నీ పోస్టు ఎవురు చూస్తారు? నీకుండేది ఇరవై మూడు మంది. దాంట్లో పదిమంది మన చుట్టాలే. నువ్వు పోస్టులు రాయొద్దు. నీకు పనిచ్చేవాళ్ళు ఎవురి పోస్టులు చదవతారో, ఆడ పోయి కామెంటు రాయి."

ఒక ఆదివారం కూర్చుని పన్నెండు పేర్లు రాసిచ్చింది. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీల ఓనర్లు, వాళ్ళ క్వాలిటీ హెడ్లు, విదేశీ కొనుగోలుదార్ల తరఫున ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆడిటర్లు. వాళ్ళు పోస్టు పెట్టగానే ఫోను మోగేట్టు గంట గుర్తు నొక్కి పెట్టింది. పెట్టిన గంటలోపలే రాయాలంది, ఆలస్యమైతే అడుగున పడిపోతావంది. 'సూపర్ సార్' అని రాస్తే ఎవడూ ఖాతరు చెయ్యడు, నీ కళ్ళతో నువ్వు చూసిన సంగతి ఒకటి చెప్పమంది. పని ఇమ్మని అడక్కూడదు. పేరు పక్కనే నీ పనేమిటో కనపడుతుంది కాబట్టి, మాట నచ్చినవాళ్ళు వాళ్ళే నీ ప్రొఫైల్ తెరుస్తారు. చివర ఒక ప్రశ్న పెడితే ఓనరు జవాబిస్తాడు, ఆ జవాబు చూసి ఇంకొకడు మాట కలుపుతాడు, ఇంకో పదిమంది కళ్ళబడతావు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరి పోస్టు కింద వాళ్ళ తప్పు ఎత్తిచూపకూడదు. చెప్పి తీరాలంటే ఇన్‌బాక్సులో చెప్పుకో.

నవ్వుకోకండి, ఇది పనిచేసే విద్యే. రోజూ పొద్దున కాఫీ అయ్యాక శివరామ్ కళ్ళజోడు పెట్టుకుని ఆరు కామెంట్లు రాసేవాడు. తెలుగులో ఆలోచించడం, వచ్చిన ఇంగ్లీషులో రాయడం. మొదటి నెల ప్రణతి దిద్దింది, తర్వాత అతని ఇంగ్లీషే బాగుంది వదిలెయ్యమంది. ఎవరో కరెంటు బిల్లు గురించి గోడు వెళ్ళబోసుకుంటే, కండెన్సర్‌లో గాలి చేరిందేమో ఒకసారి చూశారా, మా ప్లాంటులో గాలి బయటికి వదిలిన వారానికే మోటరు భారం తగ్గింది అని రాశాడు. దానికి నలుగురు జవాబులిచ్చారు. మూడు నెలలయ్యేసరికి అతని ప్రొఫైల్ వారానికి రెండొందల మంది చూస్తున్నారు. పోయిన బుధవారం ఏకంగా ఎన్నూరు రొయ్యల కంపెనీ క్వాలిటీ హెడ్ శక్తివేల్ నుంచి మెసేజీ వచ్చింది. మీ కామెంట్లు మా ఎండీ గారు కూడా చదువుతున్నారు, సోమవారం రండి, ఏడాది మెయింటెనెన్సు గురించి మాట్లాడదాం అని. శివరామ్ భార్య కమలాంబ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఫోనుకి దిష్టి తీసింది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆ ఎండీ ముఖేష్ పోస్టు పెట్టాడు. నలభై రోజుల్లో మా కొత్త కోల్డ్ స్టోరేజీ సిద్ధం, ఇది మా టీము విజయం అని. పూలదండలు కట్టిన మెషిను గది ముందు స్టాఫంతా నిలబడి బొటనవేళ్ళు చూపిస్తున్న ఫోటో. పావుగంటలో యాభై అరవై కామెంట్లు పడ్డాయి, అన్నీ 'కంగ్రాట్స్ సార్'లే. కంపెనీల్లో ఇది మామూలే. ఎండీ పోస్టు పెడితే స్టాఫంతా గంటలోపల ఏదో ఒకటి రాయాలని హెచ్చార్ నుంచి వాట్సాప్ వస్తుంది.

శివరామ్ అలవాటు చొప్పున ఫోటోని వేళ్ళతో లాగి పెద్దది చేశాడు. మనుషుల్ని చూడలేదు, గొట్టాలు చూశాడు. మెషిను గది గోడలోంచి పసుప్పచ్చ రంగేసిన గొట్టం ఒకటి పైకొచ్చి, మొదటి అంతస్తు ఎత్తులో వంగి ఆగిపోయింది. కళ్ళజోడు సరిచేసుకుని ఇంకా దగ్గరికి లాగి చూశాడు.

అది సేఫ్టీ వాల్వు గొట్టం. లోపల ప్రెషరు మితిమీరితే ట్యాంకు పగలకుండా ఆ వాల్వు తెరుచుకుని, అమోనియాని ఆ గొట్టంలోంచి బయటికి కక్కుతుంది. అందుకే దాని మూతి కప్పు మీదికి పోవాలి, ఆకాశం వైపు చూడాలి, ఏ కిటికీకైనా ఇరవై అడుగులన్నా దూరం ఉండాలి. ఈ గొట్టం మూతికి మూడడుగుల్లో కిటికీ ఉంది. రెక్కలు తెరిచి ఉన్నాయి. కిటికీ ఊచలకి రెండు చున్నీలు, ఒక తువ్వాలు ఆరేసి ఉన్నాయి.

అంటే ఆ గదిలో మనుషులుంటున్నారు. ఆడపిల్లలుంటున్నారు.

శివరామ్‌కి భయం వేసింది. ఊరికే వేసిన భయం కాదది, దానికో మొహం ఉంది. పదిహేనేళ్ళ కింద ఐసు ఫ్యాక్టరీలో ఇట్లాంటి వాల్వే కారుతోందని అతను ఓనరుకి చెప్పాడు. గట్టిగా చెప్పలేదు, ఒకసారి చూపించుకుంటే మంచిది సార్ అన్నాడు. చూద్దాంలే అన్నాడు ఓనరు. తొమ్మిదో రోజు అది తెరుచుకున్నప్పుడు దాని ఎదురుగా తోటి పనివాడు కన్నియప్పన్ ఉన్నాడు. చేతులతో మొహం కప్పుకుని, నీళ్ళు నీళ్ళు అని అరవబోయి అరవలేకపోయాడు. ఆస్పత్రికి తీసుకుపోయేలోపలే గొంతు వాచి మూసుకుపోయింది. తను ఓనరుతో అన్న ఆ మెత్తటి మాట శివరామ్‌ని ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

ఇప్పుడైనా గట్టిగా చెప్పాలా వద్దా? చెప్పాలి. కానీ సోమవారం ఉంది. ఇంట్లో ఏడాదిగా కమలాంబ ట్యూషన్ల మీద నడుస్తోంది. ప్రణతి సూత్రం చెవిలో ఉంది. ఆ మూడు నెలల అలవాటు అతని చేతిని పట్టుకుని మరీ రాయించింది: 'అభినందనలు సార్, నలభై రోజుల్లో ఇంత పని అద్భుతం. నా అనుభవంలో ఒక విషయం. సేఫ్టీ వాల్వు గొట్టాలు కప్పు మీదికి పెంచితే ఇంకా మంచిది, వేసవిలో ప్రెషర్లు ఎక్కువ కదా. మీ డిజైనులో దీని గురించి ఎట్లా ఆలోచించారు?'

ఇరవై నిమిషాల్లో ముఖేష్ జవాబిచ్చాడు. మంచి పాయింటు శివరామ్ గారు, ఇట్లాంటి చర్చలే మన పరిశ్రమకి కావాలి అని, రెండు చప్పట్ల బొమ్మలు. అరవై మంది లైకు కొట్టారు. కామెంటు అన్నిటికంటే పైకెక్కి కూర్చుంది. ఆస్ట్రేలియాలో ఎవరో కప్పు మీది గొట్టాల మీద వాననీళ్ళు పడకుండా ఏం చేస్తారని అడిగాడు, ఇంకెవరో జవాబు చెప్పాడు. చర్చ బ్రహ్మాండంగా సాగుతోంది. ఆ కిటికీని ఒక్కడూ చూడలేదు. శివరామ్ ప్రమాదాన్ని తీసుకెళ్ళి చర్చగా మార్చి పెట్టాడు. దానికి తోడు ఇప్పుడు ఏదైనా జరిగితే, తెలిసి కూడా మెత్తగా రాసి ఊరుకున్న మనిషి పేరు ఫోటోతో సహా అందరికీ కనబడేలా ఆడనే ఉంటుంది.

కిటికీ సంగతి రాసి శక్తివేల్‌కి మెసేజీ పెట్టాడు. చదివినట్టు గుర్తు పడింది, జవాబు లేదు. మళ్ళీ పెట్టాడు. కాంట్రాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు, సోమవారం వచ్చినప్పుడు చూద్దాం అని వచ్చింది. చూద్దాం అన్న మాట శివరామ్ పదిహేనేళ్ళ కిందే ఒకసారి విన్నాడు.

పన్నెండున్నరకి ఫోను మోగింది. అతని కామెంటు కింద కొత్త జవాబు, ఇంగ్లీషు అక్షరాల్లో తమిళం. పేరు సరణ్య. బొమ్మ లేదు, పద్నాలుగు మంది పరిచయస్థులు, అదే కంపెనీలో క్వాలిటీ ట్రైనీ. పొద్దున తనూ ఒక 'కంగ్రాట్స్ సార్' రాసినట్టుంది, అందుకే ఈ పోస్టు కింద తిరుగుతోంది.

'అన్నా, మీరు చెప్పే గొట్టం ఆ పసుప్పచ్చదేనా? దాని పక్క రూములో మేం పదకొండు మందిమి ఉంటాం. నైట్ షిఫ్టు కదా, పగలు నిద్రపోతాం. నాలుగు రోజులుగా మధ్యాహ్నం రెండు మూడు గంటలకి బాత్రూం వాసన, కళ్ళు మంటలు. ఫినాయిల్ పోసినా పోవడం లేదు. దానివల్లనా?'

శివరామ్ ఆ నాలుగు ముక్కలు మూడుసార్లు చదివాడు. బాత్రూం వాసన కాదు తల్లీ అది. వాల్వు కారుతోంది. నాలుగు రోజుల కింద ఎప్పుడో ఒకసారి కొద్దిగా తెరుచుకుని, మళ్ళీ సరిగ్గా మూసుకోలేదు. నడివేసవి కత్తిరి ఎండలు, మధ్యాహ్నం రెండింటికి ప్రెషరు నెత్తికెక్కుతుంది. సరిగ్గా అప్పుడే పదకొండు మంది కిటికీ తెరుచుకుని నిద్రపోతారు. పూర్తిగా తెరుచుకుంటే లేచేంత సమయం కూడా ఉండదు.

వెంటనే కిందే రాశాడు, ఈసారి మర్యాదలేవీ లేకుండా: 'అది అమోనియా. ఇప్పుడే అందరూ గదిలోంచి బయటికి రండి. మళ్ళీ ఆ గదిలో పడుకోవద్దు.' విడిగా మెసేజీ పెడదామంటే ఆ పిల్ల తన పరిచయాల్లో లేదు. స్నేహం కలుపుకోమని అడుగుతూ, ఆ చీటీలోనే తన ఫోను నెంబరు రాసి పంపాడు. ఒంటిగంటైంది, ఉలుకూ పలుకూ లేదు. నైట్ షిఫ్టు నుంచి వచ్చిన పిల్ల, అడగాల్సింది అడిగేసి ఫోను దిండు కింద పెట్టుకుని నిద్రపోయినట్టుంది.

ఆడనే, ఆ గదిలోనే.

కమలాంబ అన్నం వడ్డిస్తానంటే వద్దని బండి తీశాడు. ఎన్నూరు దారిలో కంటెయినర్ లారీలు ఒకదాని వెనక ఒకటి కదలక మెదలక నిలబడి ఉన్నాయి. వాటి సందుల్లో దూరుతూ, ఎవడెవడితోనో తిట్లు తింటూ, మనసులో మాత్రం గడియారం చూసుకుంటూ పోయాడు. ఫ్యాక్టరీ గేటు చేరేసరికి రెండుకి పది నిమిషాలు తక్కువ. వాచ్‌మెన్ పాసు అడిగాడు. లోపల పిల్లలకి ప్రమాదమయ్యా, ఆ పైగదిలో వాళ్ళని లేపమని చెప్పు అంటే, ఆడవాళ్ళ హాస్టల్ సంగతి నీకెందుకని అనుమానంగా చూశాడు. సార్లెవరూ లేరు, సోమవారం రమ్మన్నాడు. ఫైర్ స్టేషన్‌కి ఫోను చేద్దామనుకున్నాడు. ఇప్పుడు లీకవుతోందా, మీరు చూశారా అని అడిగితే ఏం చెప్పాలి? ఫోటోలో చూశానని చెప్పాలి. అయినా చేశాడు. వివరాలు రాసుకుని, బయల్దేరుతున్నాం, దారిలో లారీలున్నాయి, టైము పడుతుంది అన్నారు.

గేటుకి ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడు. ఆడ్నించి కాంపౌండు గోడ మీదుగా ఆ కిటికీ కనపడుతోంది. చున్నీలు మారాయి, ఇప్పుడొక నీలం రంగుది. గాలిలో చేపల కంపు, థర్మల్ స్టేషన్ బూడిద, వాటి కింద ఇంకేదైనా ఉందా అని ముక్కెగరేసి చూశాడు. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. భయపడ్డవాడి ముక్కుని నమ్మడానికి లేదు.

సరణ్య ఏమైనా చూసిందేమోనని ఫోను తెరిచాడు. ముఖేష్ పోస్టు కింద అతని కామెంటు లేదు. మొదటి కామెంటు పోతే దాని కింద జవాబులన్నీ దానితోపాటే పోతాయి కదా, సరణ్య రాసింది లేదు, బయటికి రమ్మని అతను రాసిందీ లేదు. ఆస్ట్రేలియావాడి వాననీళ్ళు కూడా లేవు. పోస్టు పెట్టినవాడికి తన పోస్టు కింద ఏ కామెంటైనా తీసేసే హక్కుంది. తీసేశాడు. అరవై 'కంగ్రాట్స్ సార్'లు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ప్రణతికి ఫోను చేశాడు. ఆ అమ్మాయి భయపడింది, కానీ మామ కోసం భయపడింది.

"మళ్ళీ రాయొద్దు మామా. ఇంత కష్టపడి తెచ్చుకున్న పేరు. అందురి ముందర ఓనరు పరువు తీసినోడికి ఇంకెవురూ పని ఇవ్వరు."

"వాడి పోస్టు కింద రాస్తే వాడు తీసేస్తాడు, అంతే కదా?"

"అంతే."

"వేరేవాళ్ళ పోస్టు కింద రాస్తే?"

వాడు తీయలేడు మామా అంది ప్రణతి.

పన్నెండు పేర్లలో విజయకుమార్ అనే ఆడిటరు ఒకాయన ఉన్నాడు. యూరప్ కొనుగోలుదార్ల తరఫున ఫ్యాక్టరీలు చూసొస్తాడు, నలభై వేల మంది ఆయన్ని చదువుతారు, అందులో సగం మంది రొయ్యలు కొనేవాళ్ళే. గురువారం ఆయన పెట్టిన పోస్టు పనివాళ్ళ వసతుల గురించే. దాని కింద శివరామ్ అప్పుడే ఒక మాట రాసి ఉన్నాడు, ఐదారుగురు మాట కలిపారు. ఆ వరసలోనే ఇంకోటి రాస్తే వాళ్ళందరి ఫోన్లూ మోగుతాయి.

టీ గ్లాసు పక్కకి జరిపి రాశాడు. మూడుసార్లు తప్పు పడితే చెరిపి మళ్ళీ రాశాడు. 'ఈ ఫోటోలో కిటికీ వెనక ఈ నిమిషాన పదకొండు మంది అమ్మాయిలు నిద్రపోతున్నారు. మూడడుగుల దూరంలో ఉన్నది అమోనియా సేఫ్టీ వాల్వు మూతి. అది నాలుగు రోజులుగా కారుతోంది. నేను గేటు దగ్గరున్నాను, లోపలికి రానివ్వడం లేదు. ఈ కంపెనీ దగ్గర సరుకు కొనేవాళ్ళు ఎవరైనా సరే, ఇప్పుడే ఫోను చేసి ఆ పిల్లల్ని కిందికి దింపించండి.' కంపెనీ పేరు రాశాడు, ముఖేష్ పేరు రాశాడు, పొద్దుటి ఫోటో అంటించాడు. సరణ్య పేరు రాయలేదు. నొక్కేశాడు.

తర్వాత చెయ్యడానికేమీ లేదు. కిటికీ వంక చూస్తూ కూర్చున్నాడు. రెండుంబావు. రెండున్నర. ఎండ తారు రోడ్డు మీద మరుగుతోంది. లోపల కండెన్సర్ మోత పెరిగినట్టనిపించి లేచి నిలబడ్డాడు. చివరికి విజయకుమార్ నుంచి రెండు మాటలు వచ్చాయి, ఫోను చేస్తున్నాను అని. దాని కింద నెదర్లాండ్స్ నుంచి ఒకావిడ, మేము ఈ కంపెనీ కొనుగోలుదార్లం, ముఖేష్ గారు వెంటనే జవాబివ్వాలి అని రాసింది.

పదకొండు నిమిషాలకి గేటు తెరుచుకుంది. శనివారం ఎవరూ లేరన్న ఫ్యాక్టరీలోంచి శక్తివేల్ చొక్కా ఇన్‌షర్టు కూడా సరిచేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. అయ్యా మీరు ఎంత పని చేశారు, ముందు ఆ కామెంటు తీసెయ్యండి, ఎండీ గారికి విదేశం నుంచి ఫోను మీద ఫోను అన్నాడు.

"ఆ పిల్లల్ని దింపండి సార్. మిషను ఆపండి. ఆ తర్వాత మాట్లాడదాం."

"తీయకపోతే సోమవారం సంగతి మర్చిపోండి."

"మర్చిపోయినా సార్. దింపండి."

దింపారు. దిండ్లూ దుప్పట్లూ చంకలో పెట్టుకుని, కళ్ళు నులుముకుంటూ ఒక్కొక్కరే మెట్లు దిగారు. గేటు ఊచల్లోంచి శివరామ్ లెక్కపెట్టాడు. పది మంది వచ్చాక మెట్లు ఖాళీ అయ్యాయి. మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టాడు. అప్పుడు ఇంకొక పిల్ల, చెప్పులు వెతుక్కుంటూ ఆలస్యమైందేమో, గబగబా దిగింది. పదకొండు. అందులో సరణ్య ఎవరో అతనికి తెలియదు, బొమ్మ చూసి ఎరగడు. అడగడానికి నోరు తెరిచి మూసుకున్నాడు. శక్తివేల్ పక్కనే ఉన్నాడు కదా. ఫైర్ బండి వచ్చింది, కంప్రెసర్ మోత ఆగింది. బల్ల మీద కూర్చుని శివరామ్ ఏడ్చాడు. టీకొట్టు ఆమె ఏమీ అడగలేదు, ఇంకో టీ ఇచ్చింది.

సోమవారం పిలుపు రాలేదు, రాదని తెలుసు. పన్నెండు మందిలో నలుగురు పరిచయం తెంచుకున్నారు. కానీ విజయకుమార్ ఫోను చేసి, నేను చూసే ఫ్యాక్టరీల్లో ఇట్లాంటి కన్ను కావాలి, నాతో వస్తారా అన్నాడు. కమలాంబ మళ్ళీ ఉప్పుతో దిష్టి తీసింది. ప్రణతి మాత్రం, నువ్వు నా మాట విన్నుంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు చలేస్తా ఉంది మామా అంది. ఒక వారం శివరామ్ మనిషిలా నిద్రపోయాడు.

మరుసటి శనివారం ముఖేష్ కొత్త పోస్టు పెట్టాడు. పసుప్పచ్చ గొట్టం కప్పు మీదికి పోయి ఆకాశం వైపు చూస్తోంది, కిటికీ ఇటుకలతో మూసేశారు. మా దగ్గర భద్రతకే మొదటి స్థానం, మాకు మంచి చెప్పిన మిత్రులకి కృతజ్ఞతలు అని రాశాడు. కింద అరవై కామెంట్లు. శివరామ్‌కి సంతోషమైంది, కొంచెం ఒళ్ళు కూడా మండింది. మిత్రులట. ఈ ఫ్యాక్టరీలో నోరు తెరిచి నిజం చెప్పింది ఎవరు? ఆ పిల్ల ఆ నాలుగు ముక్కలు రాయకపోతే తనూ చర్చ చూసుకుంటూ కూర్చునేవాడు కదా. ఘనత ఎవరిదో వాళ్ళకి ఇవ్వాలి, నలుగురూ చదివేచోట ఇవ్వాలి అనుకున్నాడు.

'చాలా సంతోషం సార్. అయితే ఈ పేరు నాకు చెందదు. ఆ గదిలో ఉండే మీ క్వాలిటీ ట్రైనీ సరణ్య వాసన సంగతి చెప్పబట్టే నాకు తెలిసింది. ఇట్లాంటి ఉద్యోగులుండడం మీ అదృష్టం. ఆమెకి నా నమస్కారాలు.'

ఇంత మంచి కామెంటు తను ఇదివరకు రాయలేదనుకున్నాడు. లైకులు టపటపా పడుతున్నాయి.

గంట తర్వాత తెలియని నెంబరు నుంచి ఫోను. సన్నటి గొంతు, తమిళం, పక్కన ఎవరైనా వింటారేమోనని భయపడుతున్న మాట. నేను సరణ్యనన్నా అంది. మీ చీటీలో నెంబరు రాసిపెట్టుకున్నా అంది. శివరామ్ ఆనందం పట్టలేక, అందరూ బాగున్నారా అమ్మా అన్నాడు.

బాగున్నామంది. మంగళవారం గొట్టం మార్చేముందు మిషను ఒకసారి నడిపి చూశారట. మధ్యాహ్నం వాల్వు పూర్తిగా తెరుచుకుంది, తెల్లటి పొగ గదంతా నిండిపోయిందట. కిటికీ కింద ఉండే కాకి ఒకటి చచ్చిపోయింది. మేమందరం అప్పుడు గోడౌన్‌లో పడుకోనుంటిమి అన్నా, ఎవురికీ ఏం కాలేదు, మీరు లేకపోతే మేం పదకొండు మందిమీ లేము అంది. శివరామ్ కళ్ళు మూసుకున్నాడు. కన్నియప్పన్‌కి ఏదో చెప్పుకోగలిగినట్టనిపించింది.

"అన్నా, ఒక మాట."

"చెప్పమ్మా."

"కంపెనీ సంగతులు బయట పెట్టింది ఎవురని వారం పొడుగునా అడిగినారు. ఈడ సరణ్యలం నలుగురం ఉండాం. ఆ రోజు మీ కామెంటుతోపాటు నాదీ పోయింది కదా, ఎవురో సరణ్య అని తప్ప వాళ్ళకి తెలీదు. నేను కాదని చెప్పినా. నమ్మినారు. నా అకౌంటు కూడా తీసేసినా. ఇప్పుడు మీరు క్వాలిటీ ట్రైనీ సరణ్య అని రాసింది చూపించి పిలిచినారు. హెచ్చార్ రూము బయట కూర్చోనుండా. ఇంట్లో నా జీతమే అన్నా. దాన్ని తీసేస్తారా?"

తీసెయ్యడానికి శివరామ్ కామెంటు పక్కన మూడు చుక్కలు నొక్కాడు. నొక్కుతూ లైకుల వరస చూశాడు. నలభై మూడు మంది ఉన్నారు. అందరికంటే ముందు నచ్చిందన్నవాడు ముఖేష్.